కొటేషన్ డ్రాఫ్ట్ బయటికి పంపేముందు ఏమేం చూడాలి: ఒక మామిడి పల్ప్ ఫైలు కథ

చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల్లో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్ల పని చేస్తా చాలా సీజన్లు గడిపినా. ఒక సీజన్‌లో ఏమైందంటే, బయట దేశం బయ్యర్‌కి వర్డ్ ఫైల్‌లో కొటేషన్ పంపినా, కిలో 62 రూపాయలు లెక్కన. మరుసటి రోజు పొద్దున్నే రిప్లై వచ్చింది, "58కి ఇస్తే ఓకే" అని. 60 కాదు, 57 కాదు, సరిగ్గా 58. మా సార్ నా డ్రాఫ్ట్‌లో రాసిన కామెంట్ అదే, "గట్టిగా అడిగితే 58 దాకా దిగొచ్చు" అని. నా స్క్రీన్ మీద కామెంట్లు కనపడకుండా పెట్టుకున్నా కాబట్టి లేవనుకున్నా, అంతే. (అంకెలు మార్చి చెప్తున్నా, మిగతాదంతా జరిగిందే.)

అప్పట్నుంచి బయటికి పోయే ప్రతి డ్రాఫ్ట్‌నీ ఒకే వరసలో చూసే అలవాటు చేసుకున్నా. ఊరికే చెప్తే అర్థం కాదు, ఒక కేసు పెట్టుకుని పోదాం. కొత్త బయ్యర్ తోతాపురి పల్ప్ 5 కంటెయినర్లు అడిగినాడు, అసెప్టిక్ బ్యాగు, 215 కిలోల డ్రమ్ము, 20 అడుగుల కంటెయినర్‌కి 80 డ్రమ్ములు, చెన్నై పోర్టు నుంచి. ఆయనకి నాలుగు కావాల: కొటేషన్ లెటర్, ల్యాబ్ రిపోర్టు, కాయ ఏ రైతు దగ్గర్నుంచి వచ్చిందో చెప్పే లిస్టు, గోడౌన్ ఫోటోలు. నాలుగూ నాలుగు రకాల ఫైళ్లు, ఒక్కోదాంట్లో దొంగ ఒక్కో చోట దాక్కుంటాడు.

మొదట ఫైలు తెరవొద్దు, తెల్ల పేపర్ తీసుకోండి

పేపర్ మీద పైన ఎవరికి పంపుతున్నామో రాయండి, కింద ఆ మనిషికి ఏం తెలియకూడదో రాయండి. ఇది ముందే ఎందుకంటే, రహస్యం అనేది కాగితంలో ఉండదు, కాగితానికీ చదివేవాడికీ మధ్య ఉంటది. రైతుకి ఎంత ఇస్తున్నామో బ్యాంకుకి చెప్పాలి, బయ్యర్‌కి చెప్పకూడదు. మా ఫ్యాక్టరీలో పల్ప్ రికవరీ ఎంతో, అంటే కాయ బరువులో ఎంత శాతం పల్ప్ వస్తదో, ఆడిటర్‌కి తెలిసినా పరవాలేదు, పక్క ఫ్యాక్టరీ వాళ్లకి తెలిస్తే కష్టం. కాబట్టి "కాన్ఫిడెన్షియల్" అని ఒకే ముద్ర అన్నిటి మీదా కొడితే పని జరగదు.

మా కేసులో పేపర్ మీద వచ్చినవి: మేం దిగగలిగే ఆఖరి రేటు, రికవరీ శాతం, వేరే బయ్యర్ల పేర్లూ వాళ్ల రేట్లూ, రైతుల దగ్గర కాయ కొని మాకు తోలే ర్యాంపుల పేర్లు, రైతుల ఫోన్, ఆధార్, బ్యాంకు నంబర్లు, ఫ్యాక్టరీలో ఏ లైను నడవడం లేదో. ఇందులో రెండు రకాలున్నాయి, గమనించండి. కొన్ని మనవి, పోతే మనకే నష్టం, అవసరమైతే సార్‌ని అడిగి చెప్పొచ్చు కూడా. వేరే బయ్యర్ పేరు, రైతు ఆధార్ మాత్రం మనవి కావు, వాళ్లు మన దగ్గర నమ్మి పెట్టినవి, వాటిని ఇచ్చే హక్కు మా సార్‌కి కూడా లేదు. రెండో రకం దగ్గర "కొంచెం చెప్తే ఏమవుతుందిలే" అనే మాటే రాకూడదు.

న్యూస్‌పేపర్లో వచ్చేసింది, జిల్లా అంతా తెలిసింది ఈ లిస్టులో పెట్టొద్దు. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని ప్రకటించినారు, అది దాచేదేముంది? దాచిపెట్టినట్టు రాస్తే బయ్యర్ మనల్నే అనుమానిస్తాడు. కానీ ఈ 8 మీద ఒక కన్నేసి ఉంచండి, మళ్లీ వస్తది.

ఇప్పుడు చదవండి, ముఖ్యంగా "ఎందుకంటే" ఉన్న చోట

డ్రాఫ్ట్‌ని ప్రింట్ తీసి చదవండి, స్క్రీన్ మీద కళ్లు జారిపోతాయి. నా అనుభవంలో రహస్యాలు అంకెల్లో తక్కువ పోతాయి, సంజాయిషీల్లో ఎక్కువ పోతాయి. అంకె రాసేటప్పుడు మనిషి జాగ్రత్తగానే ఉంటాడు, కారణం చెప్పేటప్పుడే మంచితనం పొంగుతుంది. మా లెటర్‌లో ఉన్న వాక్యం చూడండి: "జూన్ 20కి ముందు లోడింగ్ కుదరదు, ఎందుకంటే మా రెండో లైన్ స్టెరిలైజర్ రిపేర్‌లో ఉంది, ఉన్న లైను పాత కస్టమర్ ఆర్డర్‌కి నడుస్తోంది." బయ్యర్‌కి కావాల్సింది తేదీ ఒక్కటే. ఆయనకి దొరికింది మాత్రం మాకు ఒకే లైను నడుస్తోందనీ, వేరే పెద్ద ఆర్డర్ ఉందనీ, అంటే ఆయన ఆర్డర్ లేట్ అవుతదనీ. ఆ వాక్యాన్ని "జూన్ 20 తర్వాత లోడింగ్ మొదలవుతుంది" దగ్గర ఆపేస్తే ఏం పోయింది? ఏమీ పోలేదు.

అట్లా అని అబద్ధం రాయకండి స్వామీ. తీసేయడం వేరు, మార్చి రాయడం వేరు. సరుకు క్వాలిటీకో, తేదీకో సంబంధించి బయ్యర్‌కి తెలియాల్సిన లోపం ఉంటే అది చెప్పాల్సిందే, దాన్ని రహస్యం అనరు, మోసం అంటారు.

పెన్నుతో చదువుతా నాలుగు రకాల మాటల కింద గీత పెట్టండి: మనుషుల, కంపెనీల పేర్లు, అంకెలు, తేదీలు, కారణాలు. గీత పడ్డ ప్రతిదానికీ "ఇది ఆయనకి ఏ పనికి?" అని అడగండి, జవాబు రాకపోతే కొట్టేయండి. పాత కొటేషన్‌ని కాపీ చేసి కొత్తది తయారు చేసే అలవాటు అందరికీ ఉంది కదా, అందుకే పేర్ల దగ్గర ఎక్కువ సేపు నిలబడండి. మా డ్రాఫ్ట్‌లో పైన అడ్రెస్ మార్చినారు, లోపల మూడో పేజీలో బ్రిక్స్ 14 నుంచి 16 అని రాసిన లైను పక్కన "ఫలానా కంపెనీ స్పెక్ ప్రకారం" అని పాత బయ్యర్ పేరు అట్లానే కూర్చోనుంది. సెర్చ్‌లో పూర్తి పేరు కొడితే దొరకలేదు, ఎందుకంటే అక్కడ షార్ట్‌కట్ పేరు వాడినారు. పాత బయ్యర్ల పూర్తి పేరు, పొట్టి పేరు, కోడ్ నంబరు మూడూ వేరువేరుగా వెతకాలి.

రెండు మామూలు అంకెలు పక్కపక్కన చేరితే

ఇది చాలామంది వదిలేసే స్టెప్పు, నిజానికి అన్నిటికన్నా పదునైంది ఇదే. లెటర్‌లో ఒకచోట ఫ్యాక్టరీ గొప్ప చెప్పుకుంటా "మా పల్ప్ రికవరీ 52 శాతం" అని ఉంది. ఇంకో పేజీలో రేటు ఎందుకు పెరిగిందో చెప్తా "డ్రమ్ము, బ్యాగు, కరెంటు, లేబర్ కలిపి కిలోకి 22 రూపాయలు పడుతోంది" అని ఉంది. విడివిడిగా చూస్తే రెండూ అమాయకంగానే ఉన్నాయి. ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ 8 రూపాయల్ని తీసుకురండి. కిలో పల్ప్‌కి కాయ ఎంత కావాల? 1ని 0.52తో భాగిస్తే సుమారు 1.92 కిలోలు. దానికి 8 చొప్పున 15 రూపాయల 40 పైసలు. దానికి 22 కలిపితే 37.40. మా రేటు 62. క్యాలిక్యులేటర్ ఉన్న ఎవరైనా ఒక నిమిషంలో మా మార్జిన్ 24 దాకా ఉందని లెక్క కట్టేస్తాడు. వడ్డీ, స్టోరేజీ, సరుకు పాడైతే వచ్చే నష్టం ఆ లెక్కలో లేవు, కానీ బేరంలో ఆయన 24 దగ్గరే మేకు కొట్టి కూర్చుంటాడు.

కాబట్టి అంకెల కింద గీతలు పెట్టాక, ఆ అంకెలన్నీ ఒక పక్కన వరసగా రాసి, బయట తెలిసిన అంకెలు కూడా కలిపి, కూడికలూ భాగాహారాలూ చేసి చూడండి, ఏదైనా రహస్యం బయటపడుతుందా అని. పడితే అన్నీ తీసేయక్కర్లేదు, గొలుసులో ఒక లింకు తెంపితే చాలు. మేం 52 శాతం తీసేసినాం, 22 రూపాయలు కూడా తీసి "ప్యాకింగ్, కరెంటు ఖర్చులు పెరిగాయి" అని వదిలేసినాం. ఇదే బయ్యర్‌కి పోయిన నెలలో పంపిన మెయిళ్లు కూడా తిరగేయండి, ఒక లింకు అప్పుడే పోయుండొచ్చు, అప్పుడు రెండోది ఇప్పుడు ఇవ్వకూడదు.

వర్డ్ ఫైలు కడుపులో

చదివే పని అయిపోయింది, ఇప్పుడు ఫైలు పని. ముందు ఫైలుకి కాపీ తీసుకోండి, క్లీన్ చేసేది కాపీలోనే, ఎందుకంటే కొన్ని తీసేస్తే మళ్లీ రావు.

Review ట్యాబ్‌లో డిస్‌ప్లే No Markup లోనో Simple Markup లోనో ఉంటే సవరణలు కనపడవు, అవి పోయినట్టు కాదు. All Markup పెట్టి, ఒక్కో సవరణనీ చూసి ఒప్పుకోవడమో కొట్టేయడమో మీరే చేయండి, కామెంట్లన్నీ డిలీట్ చేయండి. తర్వాత File > Info > Check for Issues > Inspect Document కి పోయి చెక్ చేయిస్తే కామెంట్లు, దాచిన టెక్స్ట్, రాసినవాళ్ల పేర్లు ఏం మిగిలాయో చూపిస్తది. నాకు వీటి మీద పూర్తి నమ్మకం లేదు కాబట్టి ఇంకొకటి చేస్తా. .docx అంటే లోపల జిప్ ఫైలే, లినక్స్‌లోనో మ్యాక్‌లోనో ఈ రెండు లైన్లు చాలు:

```
unzip -l kotation.docx | grep comments
unzip -p kotation.docx word/document.xml | grep -o "w:delText" | wc -l
```

మొదటి దాంట్లో ఏమీ రాకూడదు, రెండో దాంట్లో 0 రావాల. 0 కన్నా ఎక్కువ వస్తే, కొట్టేసిన మాటలు ఇంకా లోపల బతికున్నాయని. విండోస్ వాళ్లు కాపీ చేసిన ఫైలు పేరు చివర .docx తీసి .zip పెట్టి తెరిచినా కడుపు కనిపిస్తది.

వర్డ్‌లో ఇంకో గుంట ఉంది. ఎక్సెల్ నుంచి టేబుల్‌ని ఎంబెడ్ చేసి పేస్ట్ చేస్తే, కనపడేది నాలుగు వరసలే అయినా లోపలికి వర్క్‌బుక్ మొత్తం వచ్చేస్తది. బయ్యర్ దాని మీద డబుల్ క్లిక్ చేస్తే మన కాస్టింగ్ షీట్ తెరుచుకుంటది. అందుకే బయటికి పోయే టేబుల్‌ని ఎప్పుడూ పిక్చర్‌గానో మామూలు వర్డ్ టేబుల్‌గానో పెట్టండి. పీడీఎఫ్ చేసేస్తే ఈ గొడవ తగ్గుతది, నిజమే, అయినా ఒక తమాషా చూసినా: పీడీఎఫ్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే పైన ట్యాబ్ మీద పాత బయ్యర్ పేరు. వర్డ్ ప్రాపర్టీస్‌లో Title అనే గడిలో పాత కొటేషన్ పేరు మిగిలిపోయి, అదే పీడీఎఫ్‌లోకి దిగింది. ఫైలు లోపల ఎక్కడ వెతికినా దొరకదు, నుదుటి మీద మాత్రం రాసుంటది!

రైతుల లిస్టు, అంటే ఎక్సెల్

ఇది నాకు అన్నిటికన్నా భయం. బయ్యర్‌కి ఎందుకు కావాలంటే, పల్ప్‌లో పురుగుమందు అవశేషం ఎక్కువ తేలితే ఏ తోట కాయో వెనక్కి పోయి పట్టుకోవాలి, అది న్యాయమైన కోరికే. దానికి రైతు కోడ్, మండలం, కాయ వచ్చిన తేదీ, బరువు, ఏ లాట్‌లోకి పోయిందో, ఇవి చాలు. మా ఎక్సెల్‌లో మాత్రం వీటితో పాటు పేర్లు, ఫోన్లు, ఆధార్, అకౌంట్ నంబర్లు, బంగారుపాళెం ర్యాంపు నుంచి వచ్చిందా దామలచెరువు నుంచి వచ్చిందా, అన్నీ ఉన్నాయి. స్టోర్స్ కుర్రోడు ఏం చేసినాడంటే, అక్కర్లేని కాలమ్స్‌ని హైడ్ చేసి "అయిపోయింది అన్నా" అన్నాడు.

హైడ్ చేస్తే ఏమవుతుందో ప్రపంచానికి చూపించిన కేసు ఒకటుంది. 2023 ఆగస్టులో నార్తర్న్ ఐర్లండ్ పోలీసులు సమాచార హక్కు లాంటి దరఖాస్తుకి జవాబుగా ఒక స్ప్రెడ్‌షీట్ ఇచ్చినారు, అందులో దాచిన ట్యాబ్ ఒకటి మిగిలిపోయింది, 9,483 మంది ఆఫీసర్లు, స్టాఫ్ ఇంటిపేర్లు, పేర్ల మొదటి అక్షరాలు, హోదాలు బయటపడ్డాయి. 2024లో వాళ్లకి 7,50,000 పౌండ్ల ఫైన్ పడింది. పోలీసు ఉద్యోగం అని ఇరుగుపొరుగుకి కూడా చెప్పుకోకుండా బతికే మనుషులు ఉన్న చోటు అది.

కాబట్టి ఎక్సెల్‌ని క్లీన్ చేయడం మానేయండి. కొత్త వర్క్‌బుక్ తెరిచి, కావాల్సిన ఐదు కాలమ్స్ మాత్రం కాపీ చేసి, Paste Special లో Values అని పేస్ట్ చేయండి. ఫార్ములాలు రావు, పాత ఫైలు లింకులు రావు, పివట్ టేబుల్ కింద దాక్కునే పాత డేటా రాదు. చేత్తో హైడ్ చేసిన వరసలుంటే, మామూలుగా కాపీ కొడితే అవి కూడా వెంట వచ్చేస్తాయి, అందుకని సెలెక్ట్ చేసినాక Alt+; నొక్కితే కనపడేవి మాత్రమే పట్టుకుంటది. పేస్ట్ అయ్యాక వరసలు లెక్కపెట్టుకోండి, అటు 140 కనపడితే ఇటూ 140 ఉండాల.

రైతు కోడ్ విషయంలో ఒక మాట. కోడ్ అని ఫోన్ నంబర్ చివరి అంకెలో, ఆధార్ చివరి నాలుగో పెట్టేవాళ్లున్నారు, అట్లా వద్దు, ఊరికే R001, R002 అని పెట్టి, ఏ కోడ్ ఎవరిదో చెప్పే పుస్తకం ఆఫీసులో ఉంచుకోండి. ఇంకా చూడాల్సింది, ఊరి పేరు పెట్టాలా మండలం పెట్టాలా అని. చిన్న ఊళ్లో అన్నేసి టన్నులు తోలే పెద్ద రైతు ఒక్కడే ఉంటే, పేరు లేకపోయినా ఊరూ బరువూ కలిపి ఆయనే అని చెప్పేస్తాయి. మేం మండలం దగ్గర ఆగినాం.

ల్యాబ్ రిపోర్టు, నల్ల గీత

ల్యాబ్ ఇచ్చిన పీడీఎఫ్‌లో "శాంపిల్ ఫలానా బయ్యర్ లాట్ నుంచి" అని ఉంది. మా వాళ్లు ఆ పేరు మీద నల్ల డబ్బా గీసినారు. డబ్బా కింద అక్షరాలు అట్లానే ఉంటాయి. 2019 జనవరిలో అమెరికాలో ట్రంప్ పాత ఎన్నికల ప్రచార మేనేజర్ పాల్ మనాఫర్ట్ లాయర్లు కోర్టుకి వేసిన కాగితంలో ఇదే జరిగింది, నల్లగా ఉన్న చోటు కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేస్తే మొత్తం చదవొచ్చు, విలేకరులు చదివేసినారు కూడా. పరీక్ష అర నిమిషం పని: పీడీఎఫ్ తెరిచి Ctrl+A, Ctrl+C, నోట్‌ప్యాడ్‌లో Ctrl+V. దాచిన పేరు అక్కడ ప్రత్యక్షమైతే డబ్బా ఉత్తదే. అక్రోబాట్ ప్రోలో Redact అని వేరే టూల్ ఉంది, అది అక్షరాల్ని నిజంగానే తీసేస్తది. అది లేకపోతే ప్రింట్ తీసి, ఆ ముక్క మీద మందపాటి కాగితం అంటించి స్కాన్ చేయండి, మార్కర్ పూస్తే స్కాన్‌లో అక్షరాలు లీలగా కనపడొచ్చు.

అయినా ల్యాబ్ రిపోర్టుని మనం దిద్దడమేంటి, బయ్యర్‌కి నల్ల మచ్చ కనిపిస్తే ఏం దాచినారో అనుకోడా? నిజానికి మంచి దారి ల్యాబ్‌కి ఫోన్ చేసి ఈ లాట్‌కి మా ఫ్యాక్టరీ పేరు మీదే రిపోర్టు అడగడం. మేం చివరికి అదే చేసినాం, రెండు రోజులు పట్టింది.

ఫోటోలు

ఫోటోని జూమ్ చేసి మూలలు చూడండి, మధ్యలో ఏముందో అందరూ చూస్తారు. మా గోడౌన్ ఫోటోలో ముందు వరస డ్రమ్ముల మీద వేరే బయ్యర్ షిప్పింగ్ మార్కు, లాట్ నంబరు స్పష్టంగా ఉన్నాయి, వెనక గోడకి ప్రొడక్షన్ బోర్డు. వర్డ్‌లో క్రాప్ చేస్తే సరిపోదు, కత్తిరించిన భాగం ఫైల్‌లోనే ఉంటది. Picture Format > Compress Pictures లో Delete cropped areas of pictures టిక్ పెట్టాల. అన్నిటికన్నా సులువు, ఖాళీ లేబుల్ ఉన్న డ్రమ్ముల ముందు నిలబడి ఇంకో ఫోటో తీసుకోవడం.

మెయిల్

పాత మెయిల్‌కి రిప్లై కొట్టకండి, కొత్త మెయిల్ తెరవండి. రిప్లై కింద నెల రోజుల సంభాషణ వేలాడుతుంటది, అందులో ఎప్పుడో సార్ మధ్యలో దూరి "వీడికి ఎంత ఇద్దాం" అన్న మాట కూడా. ఫైలు పేరు చూడండి, "final_min58_v3" లాంటి పేర్లు నేనే పెట్టినా ఒకప్పుడు. అడ్రెస్ మాత్రం ఆఖర్న రాయండి, అటాచ్‌మెంట్లు పెట్టి, మెయిల్‌లోంచే ఒక్కోటీ తెరిచి చూసి, అప్పుడు. రెండక్షరాలు కొట్టగానే వచ్చే పేరు మీద ఎంటర్ కొడితే ఒకే పేరున్న ఇద్దరు బయ్యర్లలో ఎవరికి పోతదో దేవుడికి తెలుసు.

పంపేముందు డ్రాఫ్ట్ తయారు చేయని మనిషికి ఒకసారి ఇవ్వండి, ఊరికే "చూడన్నా" అని కాదు, మొదట రాసుకున్న పేపర్ కూడా చేతికిచ్చి, "నువ్వే ఆ బయ్యర్ అనుకో, ఇందులోంచి మా ఆఖరి రేటు పట్టుకో చూద్దాం" అని. మా అకౌంట్స్ మేడమ్‌కి ఇచ్చినప్పుడు ఆమె పది నిమిషాల్లో ఒకటి పట్టుకునింది. కొటేషన్ చెల్లుబాటు జూన్ 30 దాకా అని రాసినాం, ఫోటోలో ప్రొడక్షన్ బోర్డు మీద జూన్ 30 తర్వాత అన్నీ ఖాళీ గడులు. అంటే ఆ తర్వాత మాకు ఆర్డర్లు లేవని బయ్యర్‌కి మేమే బొమ్మ గీసి ఇస్తున్నాం. ఆ ఫోటో అప్పటికి ఇంకా మార్చలేదు మేం.

పోయింది అనుకోండి

జీమెయిల్‌లో Undo Send ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లే, అది కూడా సెట్టింగ్స్‌లో ముందే పెంచుకుంటేనే. ఔట్‌లుక్ రీకాల్ మన కంపెనీ లోపలి మెయిళ్లకే, బయట బయ్యర్‌కి పోయింది వెనక్కి రాదు, పైగా "రీకాల్ చేస్తున్నారు" అని నోటీసు పోతే ఆయన అదే ఫైలు ముందు తెరుస్తాడు. అందుకని రీకాల్ జోలికి పోకుండా ఫోన్ చేసి, తప్పు ఫైలు వచ్చింది, డిలీట్ చేయండి అని చెప్పి, అదే మాట మెయిల్‌లో కూడా రాసి, సరైన ఫైలు జత చేయండి. సార్‌కి అదే గంటలో చెప్పండి, బయ్యర్ ఫోన్ సార్‌కి ముందు పోతే ఇంకా ఘోరం. పోయింది రైతుల ఆధార్, బ్యాంకు నంబర్లు అయితే విషయం మన ఆఫీసుతో ఆగదు, 2023 డేటా చట్టం ఉంది, లాయర్‌ని అడగండి, ఆ రైతులకి కూడా చెప్పండి. పోయింది రేటు అయితే, ఆ బేరం అక్కడికి అయిపోయినట్టే. నా 58 కామెంట్ పోయిన సీజన్‌లో మేం 58కే ఇచ్చినాం.